"ప్రస్తుతానికి అలాంటి ఆలోచనేమీ లేదు"

పై వాక్యం మీలో చాలామంది చదివే ఉంటారు. లేఆఫ్ పుకారు పుట్టిన నాలుగో రోజునో ఐదో రోజునో పైనుంచి ఒక మెయిలొస్తుంది. "కొన్ని ఊహాగానాలు ప్రచారంలో ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. ప్రస్తుతానికి అలాంటి ఆలోచనేమీ లేదు. మనమంతా ఒకే కుటుంబం. దయచేసి పని మీద దృష్టి పెట్టండి." అంతే. అది చదివిన క్షణం నుంచి ఆఫీసులో పని మీద దృష్టి పెట్టేవాడు ఒక్కడుండడు. అందరి దృష్టీ నౌకరీలో రెజ్యూమె అప్‌డేట్ చేయడం మీదే :-)

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. నిర్ణయం ఇంకా జరగనప్పుడు కూడా నిజాయితీగా మెయిలు రాయొచ్చు. రాయాలి. "ఇంకా తేలలేదు, తేలాల్సింది ఇదీ, మళ్ళీ ఫలానా రోజున చెప్తాను" అని మూడు ముక్కలు. దీనికి అడ్డం లీగలు అనీ, హెచ్చారు అనీ చెప్తుంటారు గానీ, దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అసలు అడ్డం రాసేవాడి భయం.

ఈ కోపం నాకు ఊరికే రాలేదు. ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

2023 ఫిబ్రవరి. అప్పుడు నేను పనిచేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) పదకొండుమంది టీముకి లీడుని. పుకార్లు ఎలా మొదలయ్యాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. అప్రూవ్ అయిన రిక్విజిషన్లు ఒక్క రాత్రిలో పోర్టల్ నుంచి మాయమయ్యాయి. ప్రయాణాలు ఆపేశారు. మేనేజర్లందరినీ "ఎవరు ఏం చేస్తున్నారు, వాళ్ళు లేకపోతే ఏమవుతుంది" అనే రెండు కాలమ్‌ల ఎక్సెల్ షీటు నింపమన్నారు. ఆ షీటు నేనూ నింపాను. ఇంతలో పైన చెప్పిన మెయిలొచ్చింది, అచ్చం అవే మాటలతో. అదీ శుక్రవారం రాత్రి. అమెరికాలో పొద్దున్న పంపితే మనకి రాత్రే కదా, జనం పక్కమీద పడుకుని ఫోన్లో చదివారు.

సోమవారం మా టెస్టింగు కుర్రాడు ప్యాంట్రీలో నన్ను పట్టుకున్నాడు. "అన్నా, నాకు బయట ఒక ఆఫరుంది. బుధవారంలోగా చెప్పాలి. జీతం పెద్ద తేడా లేదు, ఇక్కడే బాగుంది నాకు. కానీ బాచుపల్లిలో ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చాను, లోను ప్రాసెస్‌లో ఉంది. మీరేమంటారు?"

నేనేమన్నానంటే, "మెయిల్లో లేదని రాశారుగా, అంతగా ఏమీ ఉండదులే." ఆ షీటు నింపిన చేతుల్తోనే టీ కప్పు పట్టుకుని ఆ మాట అన్నాను. వాడు ఆఫరు వద్దన్నాడు. లోను మీద సంతకం పెట్టాడు. ఐదు వారాల తర్వాత వచ్చిన లిస్టులో వాడి పేరుంది.

వాడు నన్ను ఒక్క మాటన్నా బాగుండేది. "పర్లేదన్నా, మీకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు. తెలుసురా నాయనా, అంతా కాకపోయినా కొంచెం తెలుసు.

ఆ రోజు ఆ మెయిల్లో అబద్ధం ఉందా అంటే, లాయరు లెక్కలో లేదు. నిర్ణయం జరగలేదు, కాబట్టి "ఆలోచన లేదు" అని వాళ్ళ వాదన. కానీ షీటు ఎందుకు నింపించారు? ఆలోచించడానికే కదా! "నిర్ణయం లేదు" అనేదాన్ని "ఆలోచన లేదు" అని రాయడం ఒక మాయ. "ప్రస్తుతానికి" అనే పదం రెండో మాయ. రాసినవాడికి అది రేపు తప్పించుకునే సందు. చదివిన మా కుర్రాడికి అది వినపడలేదు, "లేదు" అన్నదొక్కటే వినపడింది. ఎవరికైతే ఉద్యోగం మీద నమ్మకం ఎక్కువో వాళ్ళే ఇలాంటి మెయిళ్ళకి బలైపోతారు. తెలివైనవాళ్ళు "ప్రస్తుతానికి" చదివి ఆ రోజే ఇంటర్వ్యూలు మొదలెడతారు. అంటే ఈ మెయిలు ఎవర్ని ఆపాలని రాశారో వాళ్ళని ఆపదు, నమ్మినవాళ్ళని మాత్రం ముంచుతుంది.

పెద్ద కంపెనీలు బాగా చేస్తాయా అంటే, సగం సగం. అమెజాన్ సంగతి అందరికీ తెలిసిందే, హైదరాబాదులో కూడా బోలెడంతమంది ఉన్నారు కాబట్టి మనవాళ్ళూ ఆత్రంగా చూశారు. 2022 నవంబరు 17న సీఈవో ఆండీ జాస్సీ ఉద్యోగులకి ఒక ఉత్తరం రాశాడు. కోతలు 2023 మొదట్లో కూడా ఉంటాయని, ఇంకా ఎన్ని ఉద్యోగాలనేది తేలలేదని, ఫలానా రెండు విభాగాల్లో మాత్రం తప్పకుండా ఉంటాయని అందులో ఉంది. నాకు నచ్చిన ఉత్తరం అది. తెలిసింది తెలుసన్నాడు, తేలనిది తేలలేదన్నాడు. కానీ ఒక్కటి లేదు. మళ్ళీ ఏ రోజున చెప్తాడో లేదు. "వచ్చే ఏడాది మొదట్లో" అంటే జనవరి రెండా, మార్చి ముప్ఫయ్యా?

ఆ ఖాళీని ఏం నింపిందో చూడండి. 2023 జనవరి 4న ఆయన 18,000 పైచిలుకు అని అంకె ప్రకటించాల్సి వచ్చింది. ఎందుకు ఆ రోజే? సంగతి బయటికి లీకయింది కాబట్టి ముందుగా చెప్తున్నానని ఆయనే రాశాడు. ఎవరెవరనేది చెప్పడం మాత్రం జనవరి 18 నుంచి. అంటే మధ్యలో రెండు వారాలు జనం గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. తేదీ మనం పెట్టకపోతే లీకు పెడుతుంది. మళ్ళీ మార్చి 20న ఇంకో 9,000 అన్నప్పుడు, ఏప్రిల్ మధ్య నుంచి చివర్లోగా ఎవరెవరన్నది తేలుస్తామని గడువు చెప్పాడు. అదీ పద్ధతి. ఆ గడువు మొదటి ఉత్తరంలోనే ఉండాల్సింది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసుంది, నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. "నిర్ణయం ఎప్పుడొస్తుందో నాకే తెలీదు, తేదీ ఎలా ఇవ్వను?" అంటారు బాసులు. నిజమే, నిర్ణయానికి తేదీ ఇవ్వలేరు. అది వాళ్ళ చేతిలో ఉండదు. కానీ తర్వాతి మెయిలుకి తేదీ ఇవ్వొచ్చు. అది పూర్తిగా వాళ్ళ చేతిలోనే ఉంది. ఆ రోజుకి ఏమీ తేలకపోతే "ఏమీ తేలలేదు" అని రాయాలి. ఇచ్చిన మాట మెయిలు గురించి, నిర్ణయం గురించి కాదు. ఈ రెండూ కలిపేసుకునే అందరూ నోరు మూసుకుంటారు.

ఇది పుస్తకంలో మాట కాదు. 2024లో చేసి చూశాం. కొత్త ఉద్యోగం, అరవైమంది ప్రాజెక్టు, ఒకే ఒక్క అమెరికా క్లయింటు. కాంట్రాక్టు జూన్ 30తో అయిపోతుంది. క్లయింటు వాళ్ళు ఖర్చులు తగ్గించుకునే పనిలో ఉన్నారు, రెన్యూవల్ మాటలు సాగుతున్నాయి. మే 13న ఎలక్షన్ సెలవు. ఓటేసి ఊరినుంచి తిరిగొచ్చేసరికి ఆఫీసులో "ప్రాజెక్టు మూసేస్తున్నారట" అని గుప్పుమంది. క్లయింటు వైపునుంచి ఎవరో మన ఆన్‌సైటువాళ్ళతో లంచిలో అన్నారట. మా సెంటరు హెడ్డు మేడమ్ నన్ను పిలిచి "ఏదో ఒకటి రాయి, జనం కంగారు తగ్గాలి" అన్నారు. "మేడమ్, కంగారు తగ్గించేది రాయలేను, నిజం రాస్తాను, మీకు నచ్చకపోతే కొట్టేయండి" అన్నాను. ఆవిడ ఒక నిమిషం ఆలోచించి సరేనన్నారు.

నేను రాసింది ఇంగ్లీషులో. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"మన కాంట్రాక్టు జూన్ 30తో ముగుస్తుంది. రెన్యూవల్ మీద మాటలు జరుగుతున్నాయి. కొత్త రిక్రూట్‌మెంటు ఆపింది కూడా ఇందుకే, మీరు గమనించింది నిజమే. పూర్తిగా రెన్యూ కావచ్చు, తగ్గించి కావచ్చు, అసలు కాకపోవచ్చు. ఈ మూడింట్లో ఏదనేది ఇవాళ్టికి నిర్ణయం కాలేదు. నిర్ణయం క్లయింటుది. టీములో ఎవరి పేర్లతోనూ లిస్టు తయారు కాలేదు. తగ్గితే ఎంతమంది అన్నది నాకు తెలీదు కాబట్టి అంకె చెప్పను. రేట్ల గురించీ, క్లయింటు మాటల గురించీ చెప్పే హక్కు నాకు లేదు. మే, జూన్ జీతాలకీ, అప్రూవ్ అయిన సెలవులకీ దీనితో సంబంధం లేదు. ఎవరి మీదైనా ప్రభావం ఉంటే వాళ్ళకి ముందు మేనేజరు ఎదురుగా కూర్చుని చెప్తారు, తర్వాతే అందరికీ మెయిలు. మీ సొంత విషయాల్లో ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి ఉంటే, ఏమీ జరగదని నమ్మి తీసుకోవద్దు. ఏదో జరిగి తీరుతుందని నమ్మీ తీసుకోవద్దు. మే 30, గురువారం, పొద్దున్న పదకొండింటికి మళ్ళీ రాస్తాను. అప్పటికి ఏమీ తేలకపోయినా రాస్తాను."

ఇందులో సాహిత్యం ఏమీ లేదు. కానీ కొన్ని సంగతులు గమనించండి. జనం కళ్ళతో చూసింది (రిక్రూట్‌మెంటు ఆగడం) మొదట్లోనే ఒప్పుకున్నాం. అది దాచి మిగతాది ఎంత నిజం రాసినా ఎవడూ నమ్మడు. లిస్టు లేదు అని రాసేముందు నిజంగా లేదని మేడమ్‌ని రెండుసార్లు అడిగాను. ఉండి ఉంటే ఆ వాక్యం తీసేసేవాణ్ణి. "లిస్టు తయారవుతోంది, పూర్తి కాలేదు" అని రాసేవాణ్ణి. జూన్ తర్వాత జీతాల గురించి ఒక్క మాట లేదు, ఎందుకంటే తెలీదు. "కుటుంబం" అన్న మాట లేదు. కుటుంబంలో ఎవర్నీ బడ్జెట్ తగ్గిందని బయటికి పంపం కదా!

లీగలు సంగతి చెప్పాలి. "లీగలువాళ్ళు ఒప్పుకోరు" అన్నది మేనేజర్ల ఊతపదం. మా మెయిలు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు కొట్టేసింది రెండు వాక్యాలు. ఒకటి, క్లయింటు ధర తగ్గించమని అడుగుతున్నాడన్నది. అది నా పొరపాటే. రెండోది మేడమ్ చేర్చిన వాక్యం, "రెన్యూ అయ్యే అవకాశాలు బాగానే ఉన్నాయి." లాయరు గారు దాని పక్కన "ఏ ఆధారంతో?" అని ఒక్క ప్రశ్న రాసి పెట్టారు. చూశారా, లీగలువాళ్ళు భయపడింది ధైర్యం చెప్పే మాటకి. "తేలలేదు" అన్నదాన్ని వాళ్ళు ముట్టుకోలేదు. లిస్టయిన కంపెనీల్లో షేరు ధరను కదిపే సమాచారం మీద సెబీ నిబంధనలున్నాయి, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి, ఒప్పుకుంటా. అక్కడ కూడా "దీని గురించి ఇప్పుడు చెప్పలేను, ఫలానా రోజున రాస్తాను" అనడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.

మెయిలు కంటే ముందు ఇంకో పని చేశాం. పొద్దున్న పదింటికి లీడులందర్నీ కూర్చోబెట్టి మెయిలు చదివించాం. వాళ్ళకి ఒకటే షరతు: అందులో లేని ధైర్యం మీరు చెప్పకండి. "నువ్వు సేఫ్‌లే" అని భుజం తట్టడం వద్దు. ఎవరైనా అడిగితే "నాకు తెలిసింది మెయిల్లో ఉన్నదే" అనండి. ఈ షరతు ఎందుకు పెట్టానో మీకు తెలుసు. ప్యాంట్రీలో టీ కప్పు పట్టుకుని నిలబడ్డ లీడు ఒకడు నాకు బాగా గుర్తున్నాడు.

మే 30 వచ్చింది. ఏమీ తేలలేదు. మేడమ్ "చెప్పడానికేముంది, ఈసారికి వదిలేద్దాం" అన్నారు. అసలు పరీక్ష అదే. మొదటి మెయిలు ఎవరైనా రాస్తారు, రెండోది రాయాలంటేనే చేతులు రావు. ఖాళీ చేతుల్తో జనం ముందుకెళ్ళాలంటే సిగ్గు. కానీ ఆ రోజు పదకొండింటికి మెయిలు రాకపోతే జనం ఏమనుకుంటారు? "తేలిపోయింది, అందుకే దాస్తున్నారు" అనుకుంటారు. తేదీ ఇచ్చి తప్పడం, అసలు ఇవ్వకపోవడం కంటే ఘోరం. నాలుగు వాక్యాలు రాసి పంపాం. మాటలు సాగుతున్నాయి, నిర్ణయం లేదు, పోయిన మెయిల్లో చెప్పినవేవీ మారలేదు, తర్వాతి మెయిలు జూన్ 13. అంతే. ఆ మధ్యాహ్నం ఒక సీనియరు నాతో "బాబూ, ఏమీ లేదని చెప్పడానికి కూడా మెయిలు పెట్టారంటే ఉన్నప్పుడు చెప్తారన్నమాట" అన్నాడు. ఇంతకంటే మెచ్చుకోలు నాకెవరూ ఇవ్వలేదు.

"ఇలా చెప్తే మంచివాళ్ళు ముందే వెళ్ళిపోతారు" అంటారు. నిజం, వెళ్తారు. ఆ నాలుగు వారాల్లో ఇద్దరు రాజీనామా చేశారు. అందులో ఒకమ్మాయి మా టీములో అందరికంటే గట్టిది, ఆమె లేని లోటు చాలా నెలలు కనపడింది. ఈ ఖర్చు లేదని నేనెప్పుడూ అనను. కానీ ఆమె ఆగి ఉంటే ఎందుకు ఆగినట్టు? మనం దాచాం కాబట్టి. వేరేవాళ్ళ జీవితాన్ని వాళ్ళకి తెలీకుండా తాకట్టు పెట్టి మన ప్రాజెక్టు నడుపుకోవడాన్ని రిటెన్షన్ అనరు, దానికి వేరే పేరుంది.

మనదగ్గర తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉన్న కంపెనీలు ఎన్ని లేవు? ఉద్యోగి వెళ్ళాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. కంపెనీ మాత్రం "ప్రస్తుతానికి" అంటూ ఆఖరి రోజుదాకా నోరు విప్పదు! ఇక ఆన్‌సైటువాళ్ళ పరిస్థితి చూడండి. మా ముగ్గురు అక్కడ హెచ్1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల గ్రేస్ పీరియడ్, అదీ అక్కడ ఉండే అనుమతి గడువు అంతకుముందే అయిపోకపోతే. ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం, కొత్త పిటిషను, లేకపోతే పిల్లల స్కూలూ, అద్దె ఇల్లూ, కారూ అన్నీ వదిలి విమానం ఎక్కడం. అలాంటివాడికి నాలుగు వారాల ముందు "తేలలేదు, జాగ్రత్త" అన్న మాట బంగారం. ముగ్గురిలో ఒకడు ఆ మెయిలు చూసే తన కాగితాలన్నీ వెతికి పెట్టుకున్నాడు.

చివరికేమయింది అంటారా? జూన్ 11న తేలింది. తగ్గించి రెన్యూ చేశారు. పద్నాలుగు పొజిషన్లు పోయాయి. ఏడుగురికి వేరే ప్రాజెక్టుల్లో చోటు దొరికింది, ఏడుగురు వెళ్ళిపోయారు. 12న ఒక్కొక్కరితో కూర్చుని చెప్పాం, 13న పదకొండింటికి అందరికీ మెయిలు. కాబట్టి ఇది శుభం కార్డు పడే కథేమీ కాదు. మెయిలు ఎవరి ఉద్యోగాన్నీ నిలబెట్టలేదు, నిలబెట్టదు కూడా. ఆ ఏడుగురిలో ఇద్దరు నాతో గొడవపడ్డారు, తమనే ఎందుకు ఎంచారని. అది న్యాయమైన ప్రశ్నే. ఒక్కరు కూడా "మీరు లేదన్నారుగా" అని మాత్రం అనలేదు. అనడానికి మేం ఎక్కడా "లేదు" అనలేదు.

ఇంకో చిన్న సంగతి. ఆ ఏడుగురిలో ఒకతను మే నెలలో కారు బుక్ చేసి, మెయిలు చూసి క్యాన్సిల్ చేశాడట. వెళ్ళే రోజున అదే చెప్పాడు. "అడ్వాన్సు ఐదు వేలు పోయిందండీ, పోతే పోయింది" అని నవ్వాడు.

నాకు బాచుపల్లి ఫ్లాటు గుర్తొచ్చింది. మా టెస్టింగు కుర్రాడికి నాలుగు నెలల తర్వాత ఉద్యోగం దొరికింది, ఫ్లాటు నిలబెట్టుకున్నాడు, కానీ ఆ నాలుగు నెలల ఈఎంఐలు వాళ్ళ నాన్న ఊళ్ళో కొంత పొలం అమ్మి కట్టారని తర్వాత తెలిసింది. "ప్రస్తుతానికి అలాంటి ఆలోచనేమీ లేదు" అని రాసినాయన ఇప్పుడింకా పెద్ద పదవిలో ఉన్నాడు. ఆయన్ని నేనేమీ అనలేను, ఆ వాక్యాన్ని ప్యాంట్రీదాకా మోసుకెళ్ళింది నేనే కాబట్టి.

మీలో లీడులు, మేనేజర్లు ఉంటే ఒక్కటే అడుగుతున్నా. ఈసారి అలాంటి మెయిలు మీ చేత రాయిస్తే, లేదా మీ నోటితో చెప్పిస్తే, "మళ్ళీ ఎప్పుడు చెప్తున్నాం?" అని పైవాళ్ళని అడగండి. వాళ్ళ దగ్గర తేదీ లేకపోతే మీరే ఒకటి పెట్టండి. ఆ రోజు చేతులు ఖాళీగా ఉన్నా వెళ్ళి నిలబడండి.